నెలకు 500 పార్సిళ్లు ఉన్నాయి, కొరియర్ వాళ్లతో రేటు మాట్లాడాలి. ఏ లెక్కలు చూపిస్తే వింటారు?

మగ్గం_కొత్తవాడ
అందరికీ నమస్కారం. వరంగల్ కొత్తవాడలో మా ఇంటివాళ్లు నేసే దర్రీలు, చిన్న పట్టాలు, టేబుల్ మీద పరిచే రన్నర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. నెలకు సుమారు 500 పార్సిళ్లు పోతాయి. బతుకమ్మ, దసరా, దీపావళి రోజుల్లో 900 దాకా వెళ్తుంది, ఎండాకాలంలో 400కు పడిపోతుంది. ఎక్కువ భాగం తెలంగాణ, ఆంధ్ర, బెంగళూరు, చెన్నైకే. వీటన్నిటికీ ఇప్పుడున్న కొరియర్ ఒకటే జోన్ రేటు వేస్తున్నాడు. మొదటి అర కిలోకు 58 రూపాయలు, ఆపైన ప్రతి అర కిలోకు 52. జీఎస్టీ వేరే.

వచ్చే వారం వాళ్ల సేల్స్ అతను వస్తానన్నాడు. ఫోన్‌లోనే "మేడమ్, 58ని 52 చేయిస్తా, ఇంకేం కావాలి" అన్నాడు. వెంటనే ఒప్పుకోవాలా, లేక లెక్కలు ముందు పెట్టి మాట్లాడాలా? డ్యాష్‌బోర్డు నుంచి మూడు నెలల రిపోర్టు దింపుకున్నాను. అందులో ఏది చూపించాలో, ఏది దాచుకోవాలో తెలియడం లేదు.

మంచిర్యాల_మొబైల్స్
అక్కా, నెలకు 2,000 పార్సిళ్లు అని చెప్పు. వాళ్లు రాసుకుంటారు, తక్కువ రేటు ఇస్తారు. తర్వాత ఎవరూ వచ్చి లెక్కపెట్టరు. నేను మొబైల్ కవర్లకు అట్లనే తీసుకున్నా. మా రేటు మీకంటే చాలా తక్కువ.

కాజీపేట_జంక్షన్
మంచిర్యాల తమ్మీ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. సంఖ్య పెద్దదైతే మొదటి రేటు తగ్గుతుంది, అంతవరకు సరే. కానీ లెక్కపెట్టరన్నది నిజం కాదు. చాలా ఒప్పందాల్లో మూడు నెలలకోసారి సమీక్ష అని ఒక లైను ఉంటుంది. కొన్నిట్లో కనీస బిల్లు అని కూడా రాస్తారు. 2,000 చెప్పి 500 పంపితే పాత రేటు కంటే ఎక్కువకు మార్చే హక్కు వాళ్లకు వస్తుంది, లేదా పంపని పార్సిళ్లకు కూడా డబ్బు అడుగుతారు. నీది ఇంకా సమీక్షకు రాలేదేమో చూసుకో.

నేను తొమ్మిదేళ్లు కొరియర్ లైన్లోనే పనిచేశాను. మొదట హనుమకొండ ఫ్రాంచైజీలో, తర్వాత హబ్‌లో. మేడమ్, మీ దగ్గరికి వచ్చే సేల్స్ అతని చేతిలో రేటు ఉండదు. అతను ఒక ఫారం నింపి హైదరాబాద్ రీజినల్ ఆఫీసుకు పంపుతాడు. అందులో అడిగేది నెల సంఖ్య ఒక్కటే కాదు. సగటు బరువు, ఏ జోనుకు ఎన్ని, సీఓడీ ఎంత శాతం, తిరిగొచ్చేవి ఎంత శాతం, పికప్ ఎక్కడ, ఎన్ని గంటలకు, ఇవన్నీ అడుగుతారు. ఆ గడులు అతను ఊహించి నింపితే మీకు మామూలు రేటే వస్తుంది. మీరే నింపి ఇస్తే అతనికి పై వాళ్లతో వాదించడానికి సరుకు దొరుకుతుంది.

ముందు ఒక్క విషయం చెప్పండి. మీ 500లో అర కిలో లోపు ఎన్ని, కిలో లోపు ఎన్ని, ఆపైన ఎన్ని?

పచ్చళ్ల_పిన్ని_కరీంనగర్
మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. ఆవకాయ, గోంగూర పంపాలంటే కిలోకు ఎంత తీసుకుంటారో చెప్పండి నాయనా. పోయినసారి డబ్బా కారి మొత్తం పాడైంది.

హనుమకొండ_స్టోర్
పిన్నీ, ఇది ఇక్కడి కొరియర్ నెలవారీ ఒప్పందం గురించిన చర్చ. విదేశాలకు పంపే లెక్క పూర్తిగా వేరు, కొత్త పోస్టు పెట్టండి, చెప్పేవాళ్లు ఉన్నారు.

మగ్గం గారూ, మీరు ఎందుకు ఇంత కష్టపడుతున్నారు? అగ్రిగేటర్ యాప్‌లో చేరిపోండి. పది కంపెనీల రేట్లు ఒకేచోట కనపడతాయి, ఏది తక్కువైతే దానికి వేయొచ్చు. బేరం అక్కర్లేదు.

మగ్గం_కొత్తవాడ
@కాజీపేట_జంక్షన్ అన్నా, మధ్యస్థంగా ఉన్న జులై నెల తీసుకున్నా. సరిగ్గా 500 ఉన్నాయి. అర కిలో లోపు 90, అర నుంచి కిలో లోపు 290, కిలో నుంచి కిలోన్నర లోపు 120. ఇది కొరియర్ వాడు బిల్లు వేసిన బరువు, నేను తూచింది కాదు.

@హనుమకొండ_స్టోర్ రెండేళ్ల కింద అగ్రిగేటర్‌తోనే మొదలుపెట్టాను. పార్సిల్ ఇరుక్కుంటే ఎవరిని అడగాలో తెలిసేది కాదు, వాళ్లు కంపెనీని అడగాలి, కంపెనీ హబ్‌ను అడగాలి. అందుకే నేరుగా ఖాతా తీసుకున్నా.

కాజీపేట_జంక్షన్
ఇప్పుడు అతను ఇస్తానన్న 58-52 సంగతి చూద్దాం. పార్సిల్‌కు 6 రూపాయలు, 500 పార్సిళ్లకు 3,000. బాగానే కనిపిస్తుంది.

కానీ మీ పార్సిళ్లలో 410కి మొదటి అర కిలోతో పని అయిపోవడం లేదు. 290 పార్సిళ్లకు ఒక్కో అదనపు అర కిలో పడుతోంది, 120 పార్సిళ్లకు రెండేసి పడుతున్నాయి. మొత్తం 530 అదనపు అర కిలోలు. అంటే మీరు 58ని 500 సార్లు కడుతుంటే, 52ని 530 సార్లు కడుతున్నారు. ఆ 52ని 42 చేయించినా 5,300 మిగులుతుంది. సేల్స్ వాళ్లు ముందు మొదటి స్లాబే తగ్గిస్తామంటారు, ఎందుకంటే కస్టమర్ కళ్లు అక్కడే ఉంటాయి, రేట్ కార్డులో పై లైను అదే. మీ సరుకు మీద బేరం రెండో లైనులో ఉంది.

ఇదే మంచిర్యాల తమ్మి కవర్లకైతే ఉల్టా. అన్నీ అర కిలో లోపే కాబట్టి అతనికి మొదటి లైను తప్ప ఇంకేదీ అక్కర్లేదు. అందుకే ఒకరి రేటు చూసి ఇంకొకరు బాధపడకూడదు.

మంచిర్యాల_మొబైల్స్
అది కరెక్టే అన్నా. సమీక్ష లైను ఉందో లేదో ఇప్పుడే పీడీఎఫ్ తీసి చూస్తున్నా, టెన్షన్ పెట్టినవ్.

లెక్కల_మాస్టారు_జనగామ
అమ్మా, నేను నాలుగు చిన్న దుకాణాలకు పుస్తకాలు రాస్తాను. మీరు 58 అని, 52 అని అంటున్నారు గానీ, కస్టమర్ చేతికి చేరిన ఒక్కో పార్సిల్‌కు మీకు ఎంత పడుతోంది? తిరిగొచ్చినవి ఎన్ని, వాటికి ఎంత వేస్తున్నారు, చెప్పండి. ఆ అంకె లేకుండా రెండు కంపెనీల కొటేషన్లు పోల్చలేరు.

మగ్గం_కొత్తవాడ
జులైలో 65 తిరిగొచ్చాయి మాస్టారూ. అందులో 60 సీఓడీవే. మొత్తం సీఓడీ 200. తిరిగి తెచ్చినందుకు పోయేటప్పుడు వేసినంతే మళ్లీ వేస్తున్నారు.

లెక్కల_మాస్టారు_జనగామ
అయితే చూడండి. పోవడానికి 500 సార్లు 58, 530 సార్లు 52, కలిపి 56,560. సగటున పార్సిల్‌కు 113. తిరిగొచ్చిన 65కి అదే సగటు వేసుకుంటే ఇంకో 7,350 దాకా. మొత్తం 63,900. చేరినవి 435. అంటే చేరిన పార్సిల్‌కు 147 రూపాయలు, జీఎస్టీ, సీఓడీ ఫీజు కాకుండానే. మీ మనసులో ఉన్నది 58, జేబులోంచి పోతున్నది 147. జీఎస్టీ 18 శాతం మీకు ఇన్‌పుట్ కింద వెనక్కి వస్తుందా లేదా అన్నది వేరే చూసుకోండి, కానీ పోల్చేటప్పుడు రెండు కంపెనీలకూ అది కలిపైనా చూడాలి, తీసైనా చూడాలి. కొందరు ఇంధన సర్‌చార్జి కలిపి చెప్తారు, కొందరు బిల్లులో బయటపెడతారు. అది కూడా అడగండి.

నిర్మల్_బొమ్మలు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది పొణికి కర్ర బొమ్మల పని. మాకు తిరిగొచ్చేవి తక్కువే, విరిగొచ్చేవే ఎక్కువ. బొమ్మ చెయ్యి విరిగితే కొరియర్ వాడు "ప్యాకింగ్ బాగాలేదు" అని రాసేస్తాడు. డేటా చూపిస్తే దానికి కూడా ఏమైనా ఇస్తారా?

కాజీపేట_జంక్షన్
నిర్మల్ అన్నా, విరిగినదానికి డేటాతో రేటు తగ్గదు. అది క్లెయిమ్ సంగతి, పార్సిల్ తీసుకున్న కస్టమర్ విప్పేటప్పుడు తీసిన వీడియో, మీరు ప్యాక్ చేసినప్పటి ఫొటో రెండూ లేకపోతే ముందుకు పోదు. ఏ ఊరి దారిలో ఎక్కువ విరుగుతున్నాయో మాత్రం రాసి పెట్టుకోండి. ఒకే హబ్ మీదుగా వెళ్లేవి విరుగుతుంటే అది బెల్టు మీద విసిరే సమస్య కావచ్చు.

మగ్గం గారి సంగతికొస్తా. మాస్టారు చెప్పిన 147లో రెండో పెద్ద ముక్క ఆ 65. వాటి ట్రాకింగ్ హిస్టరీ మొత్తం తీయండి, చివరి స్టేటస్ ఒక్కటే కాదు. మూడు విషయాలు చూడండి. డెలివరీకి బయల్దేరిందన్న స్కాన్ ఆ రోజు ఉదయం ఉందా? చేరలేదు అన్న స్కాన్ ఎన్ని గంటలకు పడింది? అదే ఊరిలో అదే నిమిషానికి ఇంకెన్నిటికి అదే కారణం పడింది?

బయల్దేరిన స్కాన్ లేకుండా, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత, ఐదారు పార్సిళ్లకు ఒకే నిమిషంలో "కస్టమర్ అందుబాటులో లేరు" అని పడితే, ఆ బాయ్ ఇంటికి పోనే లేదు. హబ్‌లో కూర్చుని రోజు లెక్క ముగించడానికి అన్నిటికీ ఒకే కారణం కొట్టేశాడు. ఇట్లాంటివి మూడుసార్లు జరిగితే పార్సిల్ తనంతట తానే వెనక్కి మళ్లుతుంది, మీకు రెండు వైపులా బిల్లు పడుతుంది.

హనుమకొండ_స్టోర్
దానికంటే కస్టమర్‌కు ఫోన్ చేసి అడిగితే సరిపోదా? "మాకు ఎవరూ ఫోన్ చేయలేదు" అని మెసేజ్ పెట్టమంటే అదే సాక్ష్యం.

కాజీపేట_జంక్షన్
సరిపోదు. సీఓడీ పెట్టి మనసు మార్చుకున్నవాళ్లు కూడా అదే మాట చెప్తారు. కొరియర్ వాళ్లకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. వాళ్ల సొంత స్కాన్ చూపిస్తే మాత్రం కాదనలేరు.

మగ్గం_కొత్తవాడ
రెండు రోజులు కూర్చుని తీశాను. 65లో కస్టమర్ వద్దన్నవి 21, అడ్రసు సరిగా లేనివి 13, అందుబాటులో లేరు లేదా ఫోన్ ఎత్తలేదు అన్నవి 31. ఈ 31లో 19 కేవలం రెండు హబ్‌లవే. ఒకటి మన పక్క జిల్లాలో, ఇంకోటి బెంగళూరు శివార్లలో. ఈ 19లో 12కి అన్నా చెప్పినట్టే రాత్రి పూట గుంపుగా పడ్డాయి, పొద్దున బయల్దేరిన స్కాన్ లేదు. మిగతా ఊళ్లలో డెలివరీ చాలా బాగుంది, ఎక్కువ భాగం మొదటి ప్రయత్నంలోనే ఇస్తున్నారు.

కాజీపేట_జంక్షన్
ఇది బంగారం లాంటి కాగితం. కానీ దీన్ని ఫిర్యాదులా పెట్టకండి. సేల్స్ అతను హబ్‌ను బాగుచేయలేడు, అతనికి అక్కడ పెత్తనం లేదు. "మీ సర్వీసు దరిద్రంగా ఉంది" అంటే అతను సారీ చెప్పి 2 రూపాయలు తగ్గించి లేచిపోతాడు. "మిగతా ఊళ్లలో మీరు బాగా ఇస్తున్నారు, ఈ రెండు హబ్‌ల వల్ల నాకు తిరుగు ఛార్జీ పడుతోంది, కాబట్టి తిరుగు రేటు సగం చేయండి, స్కాన్ తప్పుగా ఉన్నవాటికి అసలు వేయకండి" అని అడగండి. ఏరియా ఆపరేషన్స్ అతన్ని కూడా వెంట తీసుకురమ్మనండి. ఈ 12 వరుసలు అతని ముందు పెట్టాలి.

మీరు వాళ్లకు ఎందుకు చవకో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. పికప్‌కు బాయ్ వచ్చే ఖర్చు ఒక పార్సిల్ ఉన్నా ఇరవై ఉన్నా దాదాపు ఒకటే. రోజుకు ఇరవై ఒక్కచోట, లేబుల్ అంటించి, మ్యానిఫెస్ట్ తీసి, సాయంత్రం నాలుగుకల్లా రెడీగా ఉంటే హైదరాబాద్ బండికి హాయిగా అందుతాయి. కొత్తవాడలో పక్కింటి వాళ్లవి కూడా అదే పికప్‌లో ఇప్పించగలిగితే ఇంకా మంచిది. ఆ మాట రీజినల్ ఆఫీసులో బాగా పనిచేస్తుంది.

నెల సంఖ్య దగ్గర మాత్రం 900 చెప్పకండి. కనీసం 400, మామూలుగా 500, పండుగకు 900 అని మూడూ రాయండి. కనీస బిల్లు అడిగితే 400 దాటి ఒప్పుకోకండి. మేడారం జాతర నెలను సగటులో కలపకండి, ఆ రోజుల్లో ఇక్కడి బళ్ల టైములు, పికప్‌లు అన్నీ అటూ ఇటూ అవుతాయి. అది మీ తప్పూ కాదు, వాళ్ల తప్పూ కాదు.

లెక్కల_మాస్టారు_జనగామ
బిల్లు వేసిన బరువు అన్నారు, మీరు తూచింది కాదన్నారు. రెంటికీ తేడా ఎంత ఉంది?

మగ్గం_కొత్తవాడ
చిన్నవాటికి తేడా లేదు. మూడడుగుల దర్రీకి ఉంది. తూకంలో 1.4 కిలో, ఇదివరకు గుండ్రంగా చుట్టి పంపినప్పుడు రెండున్నర కిలోలకు బిల్లు వేశారు. ఇప్పుడు మడతపెట్టి పంపుతున్నాను.

కాజీపేట_జంక్షన్
తూకం బరువు, సైజును బట్టి లెక్కగట్టిన బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు వేస్తారు. చుట్ట గుండ్రంగా ఉన్నా మిషన్ దాన్ని పెట్టెలాగే కొలుస్తుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 14 మందం ఉన్న చుట్ట అంటే 60, 14, 14 గుణించి 5,000తో భాగిస్తే 2.35 వస్తుంది, స్లాబు రెండున్నర. మడతపెట్టి 40, 30, 6 చేస్తే 1.44, స్లాబు కిలోన్నర. నూలు దర్రీకి మడత గీత పడినా రెండు రోజులు పరిస్తే పోతుంది కదా, మంచి పని చేశారు.

ఇక్కడే ఇంకో కిటుకు ఉంది. ఆ భాగించే అంకె 5,000 అని ఒప్పందంలో రాయించండి. రేటు తగ్గించి ఆ అంకెను 4,000 చేసేవాళ్లు ఉన్నారు. అప్పుడు అదే మడత పార్సిల్ 1.8 అవుతుంది, రెండు కిలోల స్లాబులో పడుతుంది, తగ్గించినదంతా వెనక్కి పోతుంది. షీటులో B గడిలో కిలోల బరువు, C, D, E గడుల్లో సెంటీమీటర్లు పెట్టుకుని ఇది వేసి, వాళ్ల బిల్లు పక్కన పెట్టి చూడండి:

```
=ROUNDUP(MAX(B2,C2*D2*E2/5000)/0.5,0)*0.5
```

హనుమకొండ_స్టోర్
నేను అగ్రిగేటర్ వైపే మాట్లాడుతున్నా అనుకోకండి, కానీ ఇంకో కంపెనీ కొటేషన్ చేతిలో లేకుండా కూర్చుంటే ఈ లెక్కలన్నీ విని నవ్వుకుంటారు. నా అనుభవం అది. నెలకు 200 లోపు ఉన్నవాళ్లకు అయితే ఈ కాగితాలు ఎవరూ చదవరు.

కాజీపేట_జంక్షన్
రెండు మాటలూ ఒప్పుకుంటా. కొటేషన్ రాతపూర్వకంగా ఉండాలి, అదే స్లాబులు, అదే 5,000 మీద ఉండాలి. లేకపోతే పోలిక కుదరదు.

మగ్గం_కొత్తవాడ
మీటింగ్ అయింది. సేల్స్ అతను, ఆపరేషన్స్ అతను ఇద్దరూ వచ్చారు. ఒక్కటే పేజీ ఇచ్చాను, వెనక ఆ 12 వరుసలు. ఇంకో కంపెనీ కొటేషన్ కూడా పక్కన పెట్టాను.

మొదటి అర కిలో 58 అట్లనే ఉంచమన్నాను, అతను ఆశ్చర్యపోయాడు. అదనపు అర కిలోకు 38 అడిగాను. వారం తర్వాత హైదరాబాద్ నుంచి 42 అని వచ్చింది. తిరుగు ఛార్జీ పోయేటప్పటి రేటులో సగం. 5,000 అంకె రాశారు. కనీస బిల్లు లేదు, ఆరు నెలలకు సమీక్ష.

ఒప్పుకోనిది ఏమిటంటే, తప్పు స్కాన్‌లకు తిరుగు ఛార్జీ మాఫీ అన్నది ఒప్పందంలో పెట్టలేదు. "నెలాఖరుకు లిస్టు పంపండి, క్రెడిట్ నోట్ ఇప్పిస్తాం" అని ఆపరేషన్స్ అతను మెయిల్ మాత్రం పెట్టాడు. సీఓడీ డబ్బు వారానికి రెండుసార్లు వేయమన్నా, ఒక్కసారే అన్నారు.

లెక్కల_మాస్టారు_జనగామ
జులై నెలనే కొత్త రేటు మీద వేసి చూశాను. పోవడానికి 51,260, తిరగడానికి 3,330 దాకా. చేరిన పార్సిల్‌కు 147 ఉన్నది 125, 126 మధ్యకు వచ్చింది. అతను మొదట ఇస్తానన్న 52కే ఒప్పుకుని ఉంటే, తిరుగు ఛార్జీ కూడా దాంతోపాటే తగ్గిందనుకున్నా, 139 దగ్గర ఆగేది.

మంచిర్యాల_మొబైల్స్
అక్కా సూపర్. నా పీడీఎఫ్‌లో సమీక్ష లైను ఉంది. వచ్చే నెలే. ఇప్పుడు నేను ఏం చేయాలన్నా?

కాజీపేట_జంక్షన్
నువ్వే ముందు ఫోన్ చేసి నీ అసలు సంఖ్య చెప్పు తమ్మీ. దాంతోపాటు తిరిగొచ్చే శాతం చెప్పు. కవర్లకు అది తక్కువే ఉంటుంది కాబట్టి దాన్నే పట్టుకుని రేటు నిలబెట్టుకోవడానికి చూడు. నిలబడుతుందో లేదో మాత్రం హామీ ఇవ్వలేను.

మగ్గం గారూ, ఆ మెయిల్‌లో క్రెడిట్ నోట్ ఎన్ని రోజుల్లో అని ఉందా?

మగ్గం_కొత్తవాడ
లేదన్నా, రోజులు రాయలేదు. ఆ రెండు హబ్‌ల పిన్‌కోడ్‌లకు మాత్రం ఇంకో కంపెనీతో పంపుదామా అని ఇంట్లో అంటున్నారు. అట్లా చేస్తే ఇక్కడ 500 కాస్తా 450కి దిగుతుంది. రెండు చోట్ల పెట్టాలా, ఒక్కచోటే ఉంచాలా?

నిర్మల్_బొమ్మలు
మేమైతే రెండు పెట్టుకున్నాం. ఒకడు ఆలస్యం చేస్తే రెండోవాడు ఉన్నాడని తెలిసి ఇద్దరూ పనిచేస్తారు.

కాజీపేట_జంక్షన్
నేనైతే మొదటి నెల లిస్టు పంపి, క్రెడిట్ నోట్ వస్తుందో లేదో చూసి అప్పుడు విడగొడతా. మాస్టారు ఏమంటారో?